మళ్ళీ జైలుకి వచ్చిందెవరు? ఖైదీల సంస్కరణ కార్యక్రమం నిజంగా పనిచేసిందో లేదో లెక్కగట్టడం ఎలా

"మా దగ్గర శిక్షణ తీసుకున్న ఖైదీల్లో 95 శాతం మంది మళ్ళీ జైలు మొహం చూడలేదు." ఇలాంటి వాక్యం ఏదో ఒక ప్రెస్ నోట్‌లో తరచూ కనబడుతుంది. ఇది అక్షరాలా నిజమే అయ్యుండొచ్చు, అయినా ఆ కార్యక్రమం ఒక్క మనిషిని కూడా మార్చి ఉండకపోవచ్చు. ఆ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో తెలియాలంటే ఈ లెక్కని మనమే మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వేసి చూడాలి. జైళ్ళ శాఖలో పనిచేసేవాళ్ళకి, ఖైదీలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకి, క్రైమ్ బీట్ రిపోర్టర్లకి, సోషల్ వర్క్ విద్యార్థులకి పనికొచ్చేలా రాస్తున్నాను. గణితం పెద్దగా ఉండదు. ఎవరిని లెక్కపెట్టాం, ఎవరిని వదిలేశాం అన్న విషయం మీదే కథంతా నడుస్తుంది.

1. ముందు జాబితా తయారుచేయండి: ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

రెసిడివిజం అంటే విడుదలైనవాళ్ళలో ఎంతమంది మళ్ళీ నేరం చేశారు అని. అంటే ఒక తేదీ దగ్గర నిలబడి ముందుకి చూడాలి. ఉదాహరణకి 2022 జనవరి నుంచి డిసెంబర్ దాకా ఫలానా జైలు నుంచి విడుదలైన ప్రతి ఒక్కరి పేరూ రాసుకుని, ఆ జాబితాని అక్కడితో మూసేసి, ఆ తర్వాత వాళ్ళకి ఏమైందో వెతకాలి.

మన దేశంలో బాగా వాడుకలో ఉన్న అంకె దీనికి తిరగబడి ఉంటుంది. నేరాల గణాంకాలు ప్రచురించే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ పట్టికలు ఆ ఏడాది అరెస్టయినవాళ్ళలో, లేదా జైలుకి వచ్చిన శిక్షా ఖైదీల్లో, పాతవాళ్ళు ఎంతమంది అని చెప్తాయి. అంటే వెనక్కి చూసే లెక్క. దీంతో వచ్చే చిక్కు ఒక ఊహాలెక్కతో చూపిస్తాను. ఒక జిల్లాలో పోయినేడాది 1000 మంది అరెస్టయ్యారు, అందులో 80 మంది పాతవాళ్ళు, అంటే 8 శాతం. ఈ ఏడాది నాటుసారా మీద స్పెషల్ డ్రైవ్ పెట్టి 2000 మందిని పట్టుకున్నారు, అందులో 120 మంది పాతవాళ్ళు, అంటే 6 శాతం. పత్రికలో "మళ్ళీ నేరాలు చేసేవారు తగ్గారు" అని వస్తుంది, నిజానికి పాతవాళ్ళు ఒకటిన్నర రెట్లయ్యారు. భాగించే సంఖ్య అంతకన్నా ఎక్కువగా పెరిగింది, అందుకే శాతం తగ్గినట్టు కనిపించింది. కాబట్టి ఈ పట్టికల అంకె చూపించి మా సంస్కరణ ఫలించింది అని ఎవరైనా అంటే అక్కడే ఆపి, విడుదలైనవాళ్ళ జాబితా చూపించమనండి.

విడుదలైనవాళ్ళ జాబితాలో కూడా ఒక మెలిక ఉంది, చాలామంది గమనించరు. పదేళ్ళలో ఐదుసార్లు లోపలికీ బయటికీ తిరిగే మనిషి, ఏ ఏడాది జాబితా తీసుకున్నా అందులో ఉండే అవకాశం ఎక్కువ, జీవితంలో ఒక్కసారే వెళ్ళొచ్చినవాడు ఒక్క ఏడాదిలోనే కనిపిస్తాడు. అందుకే ఒక ఏడాది జాబితా చూస్తే సగం మంది తిరిగొచ్చినట్టు కనిపించే చోట కూడా, మొత్తం మనుషుల్ని తలకి ఒకసారే లెక్కపెడితే ఎక్కువమంది ఎప్పటికీ తిరిగిరానివాళ్ళే ఉండొచ్చు. అమెరికాలో 2014లో అచ్చయిన ఒక విశ్లేషణ సరిగ్గా ఇదే చూపించింది. ఈ రెండు లెక్కలూ తప్పు కావు, ప్రశ్నలు వేరు, అందుకే ఏది వేశారో రిపోర్టులో రాయాల్సిందే.

ఇంకొక మాట. 2022 చివర్లో మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలే. బెయిల్ మీద బయటికొచ్చి, రేపు నిర్దోషి అని తేలబోయే మనిషిని "విడుదలైన నేరస్తుడు" అని జాబితాలో పెట్టలేం. శిక్షా ఖైదీలకి ఒక జాబితా, విచారణ ఖైదీలకి ఇంకొకటి పెట్టుకోండి, రెండూ కలపొద్దు.

2. ఏది జరిగితే "మళ్ళీ" అంటాం?

అరెస్టా, శిక్ష పడటమా, మళ్ళీ జైలుకి రావడమా? ఇది మాటల తేడా అనుకుంటే ఈ అంకెలు చూడండి. అమెరికా బ్యూరో ఆఫ్ జస్టిస్ స్టాటిస్టిక్స్ వాళ్ళు 30 రాష్ట్రాల్లో 2005లో విడుదలైన ఖైదీలని ఐదేళ్ళు వెంబడించారు. మళ్ళీ అరెస్టయినవాళ్ళు 76.6 శాతం. మళ్ళీ నేరం రుజువైనవాళ్ళు 55.4 శాతం. కొత్త నేరానికి మళ్ళీ ప్రిజన్ శిక్ష పడినవాళ్ళు 28.2 శాతం. పెరోల్ షరతులు తప్పినందుకు వెనక్కి పంపినవాళ్ళని కూడా కలిపితే తిరిగి ప్రిజన్‌కి వెళ్ళినవాళ్ళు 55.1 శాతం. ఒకే దేశం, ఒకే ఏడాది విడుదలలు, ఒకే ఐదేళ్ళు. మీకు కావలసిన కథని బట్టి 28 అనొచ్చు, 77 అనొచ్చు. "నార్వేలో 20 శాతమే, అమెరికాలో 70 దాటింది" అనే పోలిక ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంటుంది కదా, అందులో నార్వేది రెండేళ్ళలో మళ్ళీ శిక్ష పడటం, అమెరికాది ఎక్కువ ఏళ్ళలో మళ్ళీ అరెస్టవడం. తేడా నిజంగానే ఉండొచ్చు, కానీ ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టినంత మాత్రాన అది తెలియదు.

మన దగ్గర శిక్ష పడటాన్ని కొలమానంగా పెట్టుకుంటే ఇంకో ఇబ్బంది. కేసు తేలడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, రెండేళ్ళలో మళ్ళీ శిక్ష పడినవాళ్ళు ఎంతమంది అని అడిగితే జవాబు దాదాపు సున్నాకి దగ్గరగా వస్తుంది, అందరూ మారిపోయినట్టే కనిపిస్తుంది. అందుకని అరెస్టుకి దిగాలి. అరెస్టుకి దిగితే ఇంకో రకం మురికి అంటుకుంటుంది, దాన్ని మూడుచోట్ల కడగాలి.

మొదటిది, ముందస్తు అరెస్టులు, బైండోవర్లు. ఎన్నికలప్పుడో, పండగలప్పుడో రౌడీషీట్ ఉన్నవాళ్ళని పిలిపించి, గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకుని బైండోవర్ చేస్తారు. అక్కడ కొత్త నేరం ఏమీ జరగలేదు. ముందస్తు నిర్బంధానికి వాడే పీడీ యాక్ట్ కింద లోపల పెట్టినా అంతే, మనిషి జైల్లో ఉంటాడు గానీ కోర్టులో కొత్తగా రుజువైంది ఏమీ ఉండదు. ఇవన్నీ వేరే గడిలో పెట్టండి.

రెండోది పాత కేసులు. ఒక దొంగతనం కేసులో శిక్ష పూర్తిచేసి బయటికొచ్చినవాడిని, జైలుకి వెళ్ళకముందు చేసిన ఇంకో దొంగతనానికి పెండింగ్‌లో ఉన్న నాన్ బెయిలబుల్ వారెంట్ మీద మళ్ళీ పట్టుకుంటారు. రికార్డులో చూస్తే విడుదలైన పది రోజులకే మళ్ళీ అరెస్టు! నిజానికి బయటికొచ్చాక అతను ఏమీ చేయలేదు. అందుకే ఎప్పుడూ అరెస్టు తేదీ కాకుండా ఎఫ్ఐఆర్‌లో రాసిన నేరం జరిగిన తేదీని చూడాలి. అది విడుదల తర్వాతది అయితేనే లెక్కలోకి తీసుకోవాలి.

మూడోది అనుమానం మీద తెచ్చి వదిలేసినవి. ఏరియాలో దొంగతనం జరిగితే ముందు పాతవాళ్ళ ఇళ్ళకే వెళ్తారు, ఇది అందరికీ తెలిసిందే. చార్జిషీట్ దాఖలైన కేసుల్నే లెక్కపెడితే ఇది కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

నా సలహా ఏంటంటే, విడుదల తర్వాత జరిగిన నేరానికి అరెస్టయి చార్జిషీట్ పడటం అన్నదాన్ని ప్రధాన కొలమానంగా పెట్టుకుని, పక్కనే ఒట్టి అరెస్టు, ఒట్టి జైలు ప్రవేశం అంకెలు కూడా ఇవ్వండి. ఏది ప్రధానమో డేటా తెరవకముందే కాగితం మీద రాసి, తేదీ వేసి, ఎవరికైనా మెయిల్ చేసి పెట్టండి. డేటా చూశాక ఎంచుకుంటే, తెలియకుండానే మనకి నచ్చిన అంకెవైపు చేయి వెళ్తుంది.

3. గడియారం ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి?

మళ్ళీ అరెస్టులు ఎక్కువగా మొదట్లోనే జరుగుతాయి. పైన చెప్పిన 2005 అమెరికా జాబితాలో మొదటి ఏడాది లోపే 43.4 శాతం, మూడేళ్ళకి 67.8, ఐదేళ్ళకి 76.6. గీత మొదట నిట్టనిలువుగా లేచి తర్వాత మెల్లగా వంగుతుంది. కాబట్టి సగటున ఏడు నెలల కింద బయటికొచ్చిన మన శిక్షణార్థుల్ని, మూడేళ్ళ కింద బయటికొచ్చిన మామూలు ఖైదీలతో పోలిస్తే మనవాళ్ళు ఎప్పుడూ గెలుస్తారు. వాళ్ళకి పట్టుబడే సమయమే దొరకలేదు మరి. కొత్తగా మొదలైన కార్యక్రమాల ప్రెస్ నోట్లలో ఈ తప్పు ఎక్కువగా కనిపిస్తుంది.

అందరికీ ఒకే కిటికీ పెట్టండి, రెండేళ్ళు అనుకుందాం. రెండేళ్ళు నిండనివాళ్ళు లెక్కలో ఉండకూడదు. నేరం జరిగాక కేసు కాగితాల్లోకి ఎక్కడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి కిటికీ మూసేశాక కూడా ఆగాలి. ఇంగ్లండ్‌లో ఏడాదిలో జరిగిన నేరాలు చూస్తారు, అవి రుజువవడానికి ఇంకో ఆరు నెలలు ఆగుతారు. మన దగ్గర చార్జిషీట్ కోసం కనీసం అంత ఆగాల్సిందే.

చనిపోయినవాళ్ళు, మధ్యలో వేరే కేసులో లోపలే ఉన్నవాళ్ళు నేరం చేయలేదు గానీ, చేసే వీలు లేక చేయలేదు. వాళ్ళని విజయాల్లో కలపకూడదు. దీనికి సర్వైవల్ అనాలిసిస్ అనే పద్ధతి ఉంది. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి మూడు లైన్లు చాలు:

```r
library(survival)
fit <- survfit(Surv(days, rearrest) ~ group, data = d)
summary(fit, times = c(180, 365, 730))
```

ఇక్కడ `days` అంటే విడుదల రోజు నుంచి మొదటి కొత్త నేరం దాకా రోజులు, నేరం లేకపోతే మరణం దాకా, వేరే కేసులో లోపలికి వెళ్ళిన రోజు దాకా, లేదా డేటా తీసిన రోజు దాకా. `rearrest` గడిలో నేరం ఉంటే 1, లేకపోతే 0. ఈ పద్ధతిలో రెండేళ్ళు నిండనివాళ్ళని కూడా, వాళ్ళు బయట ఉన్నంత కాలం వరకే, లెక్కలో ఉంచుకోవచ్చు.

4. మనిషిని మనిషితో కలపడం

కాగితం మీద ఇది చిన్న పని, చేతిలోకి తీసుకుంటే నెలలు తినేస్తుంది. జైలు రికార్డులో "కె. శ్రీనివాస్", పోలీసు రికార్డులో "కొండా శీను అలియాస్ చిన్నా". ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు ఉండదు, వయసు ప్రతిసారీ ఉజ్జాయింపే. ఇద్దరూ ఒకరే అని కంప్యూటర్ గుర్తుపట్టకపోతే ఏమవుతుందో ఆలోచించండి: శీను మళ్ళీ నేరం చేసినా మన జాబితాలో "మారిన మనిషి"గా మిగిలిపోతాడు. ఈ పనిలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం కార్యక్రమాన్ని పొగిడే వైపే పడతాయి.

రాష్ట్ర సరిహద్దు కూడా అంతే. చంచల్‌గూడ నుంచి విడుదలైనవాడు విజయవాడలో పట్టుబడితే, తెలంగాణ రికార్డులే చూసేవాళ్ళకి అతను బుద్ధిమంతుడు. వేలిముద్రల ద్వారా దేశమంతా వెతికే నాఫిస్ వ్యవస్థ 2022 నుంచి ఉంది కాబట్టి అధికారికంగా చేసేవాళ్ళు పేర్లతో కుస్తీ పట్టకుండా వేలిముద్రలతోనే కలపాలి. బయటి సంస్థలకి ఆ అందుబాటు ఉండదు. వాళ్ళు కనీసం ఈ పరీక్ష చేయాలి: మళ్ళీ జైలుకి వచ్చారని సిబ్బందికి స్వయంగా తెలిసిన ఒక యాభై మంది పేర్లు తీసుకుని, మీ పద్ధతితో వెతికితే అందులో ఎంతమంది దొరుకుతారో చూడండి. ముప్ఫై మందే దొరికితే మీ అంకె నిజంలో అరవై శాతమే చూపిస్తోందని అర్థం, ఆ సంగతి రిపోర్టులో రాయాలి.

5. ఎవరితో పోల్చాలి? ఇక్కడే అసలు గొడవ

మళ్ళీ ఊహాలెక్క. వంద మంది కార్యక్రమంలో చేరారు. అరవై మంది చివరిదాకా ఉన్నారు, వాళ్ళలో రెండేళ్ళలో 15 మంది మళ్ళీ పట్టుబడ్డారు, 25 శాతం. మధ్యలో మానేసిన నలభై మందిలో 24 మంది పట్టుబడ్డారు, 60 శాతం. "పూర్తిచేసినవాళ్ళలో 25, మానేసినవాళ్ళలో 60" అని గ్రాఫ్ గీస్తే సభలో చప్పట్లు పడతాయి. కానీ చేరిన వందమందిని కలిపి చూడండి: 39 మంది. ఇప్పుడు అసలు చేరని, అలాంటి వందమందిని చూస్తే అక్కడా 39 మందే ఉన్నారనుకోండి. కార్యక్రమం చేసింది సున్నా. ఓపిక ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎదురుచూసే మనుషులు ఉన్నవాళ్ళు చివరిదాకా ఉంటారు, వాళ్ళు ఎలాగూ మళ్ళీ రారు. కార్యక్రమం వాళ్ళని మార్చలేదు, వేరు చేసి చూపించింది అంతే.

అందుకే నియమం: చేరిన రోజు ఎవరైతే ఉన్నారో చివరిదాకా వాళ్ళందరూ లెక్కలో ఉండాలి, ఒక్క క్లాసుకి వచ్చి మానేసినవాడితో సహా.

పోల్చడానికి అన్నిటికన్నా మంచి పద్ధతి లాటరీ. ఖైదీల మీద లాటరీనా, అన్యాయం కదా అంటారు. కానీ సీట్లు ముప్ఫై ఉండి, అర్హత ఉన్న దరఖాస్తులు తొంభై వచ్చినప్పుడు సూపరింటెండెంట్ ఇష్టం మీద ఎంచుకోవడం కన్నా చీటీ తీయడమే న్యాయం. పైగా చీటీ రానివాళ్ళే మనకి దొరికే అసలైన పోలిక, ఎందుకంటే వాళ్ళూ దరఖాస్తు పెట్టారు, వాళ్ళకీ మారాలన్న కోరిక ఉంది.

లాటరీ వేయకపోతే ఏమవుతుందో అమెరికాలోని న్యూజెర్సీ చెప్తుంది. అక్కడ రావే జైల్లో, 1970ల చివర్లో, యావజ్జీవ ఖైదీలు దారితప్పిన పిల్లల్ని జైలు లోపలికి పిలిచి అరిచి భయపెట్టే కార్యక్రమం ఒకటి నడిచింది. దానిమీద వచ్చిన టీవీ డాక్యుమెంటరీ వల్ల దేశమంతా పాకింది, పిల్లల్లో ఎనభై తొంభై శాతం దారికొచ్చారని ప్రచారం. రట్గర్స్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ ఫిన్కెనార్ లాటరీ పద్ధతిలో పరీక్షిస్తే, ఆరు నెలల్లో జైలుకి వెళ్ళొచ్చిన 46 మందిలో 41.3 శాతం, వెళ్ళని 35 మందిలో 11.4 శాతం మళ్ళీ నేరాల్లో దొరికారు. చిన్న పరీక్షే, కానీ తర్వాత ఇలాంటి లాటరీ పరీక్షల్ని అన్నిటినీ కలిపి చూసిన సమీక్ష కూడా అదే వైపు తేల్చింది: ఏమీ చేయకుండా వదిలేసి ఉంటేనే ఆ పిల్లలకి మేలు. పోలిక గుంపు లేకపోతే, మిగతా 59 శాతాన్ని చూపించి "ఎక్కువమంది మారారు" అని ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళు.

6. ఒక నిజమైన కేసు మొత్తం చూద్దాం: పీటర్‌బరో

ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో జైల్లో 2010లో మొదలైన ప్రయోగం ఇది. ఏడాది లోపు శిక్ష పడిన మగ ఖైదీలకి అప్పట్లో విడుదల తర్వాత ప్రభుత్వ పర్యవేక్షణ ఉండేది కాదు, గేటు దాటితే ఎవరి దారి వాళ్ళదే. వాళ్ళకి బయట ఇల్లు, వైద్యం, పని, మాట్లాడే మనిషి దొరికేలా "వన్ సర్వీస్" అనే ఏర్పాటు చేశారు. డబ్బు, సుమారు 50 లక్షల పౌండ్లు, 17 మంది పెట్టుబడిదారులు పెట్టారు. మళ్ళీ నేరాలు తగ్గితేనే వాళ్ళకి డబ్బు తిరిగొస్తుంది. డబ్బు ముడిపడింది కాబట్టి లెక్క ఎలా వేయాలో ముందే, గట్టిగా రాసుకున్నారు. మనకి ఉపయోగపడేది అదే.

జాబితా: సర్వీస్ వాడుకున్నవాళ్ళు మాత్రమే కాదు, అర్హత ఉండి విడుదలైన ప్రతి ఒక్కరూ. సహాయం వద్దన్నవాడు కూడా లెక్కలోనే. దీంతో తేలికైన మనుషుల్ని ఏరుకునే దారి మూసుకుపోయింది.

కొలమానం: మళ్ళీ శిక్ష పడ్డాడా లేదా అని కాకుండా, విడుదలైన ఏడాదిలో జరిగిన నేరాలకి ఎన్నిసార్లు శిక్ష పడింది అని. కారణం తెలివైనది. అవును-కాదు లెక్కలో ఒక మనిషి ఒక్కసారి జారితే అతను "ఫెయిల్", ఇక అతని మీద పనిచేసి సిబ్బందికి లాభం లేదు. సంఖ్య లెక్కలో అయితే ఏడాదికి ఆరుసార్లు పట్టుబడేవాడు రెండుసార్లకి తగ్గినా ఫలితమే. నష్టం కూడా ఉంది, బాగా ఎక్కువసార్లు పట్టుబడే కొద్దిమంది మొత్తం సగటుని లాగేస్తారు, కాబట్టి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

పోలిక: పీటర్‌బరో ఖైదీ ఒక్కొక్కరికి, వేరే జైళ్ళ నుంచి వయసు, పాత నేర చరిత్ర లాంటివి కలిసేవాళ్ళని పది మంది దాకా వెతికి జతచేశారు. అదే కాలంలో విడుదలైనవాళ్ళు కావడంతో, పోలీసింగ్‌లోనో కోర్టుల్లోనో దేశమంతా వచ్చే మార్పు రెండు వైపులా సమానంగా పడుతుంది. "కార్యక్రమానికి ముందు ఇంత, తర్వాత ఇంత" అనే పోలికలో ఈ రక్షణ ఉండదు.

ఫలితం: విడుదలైనవాళ్ళని ఒకరి తర్వాత ఒకరుగా మూడు గుంపులు చేసి చూడాలనుకున్నారు. మొదటి గుంపులో వంద మందికి 142 శిక్షలు, జతచేసిన గుంపులో వంద మందికి 155. పదమూడు తక్కువ, 155లో 13 అంటే 8.4 శాతం తగ్గుదల. ఒక్కో గుంపుకి విడిగా డబ్బు చెల్లించాలంటే 10 శాతం తగ్గాలి, అది అందలేదు. మొదటి రెండు గుంపులూ కలిపి 9 శాతం తగ్గింది. మొత్తం మీద పెట్టుకున్న గీత 7.5, అది దాటింది కాబట్టి 2017లో పెట్టుబడిదారులకి అసలు, కొంత రాబడి తిరిగొచ్చాయి. మూడో గుంపు అనుకున్న రూపంలో జరగలేదు, ఎందుకంటే ఈలోగా ప్రభుత్వం దేశమంతటా పొట్టి శిక్షలవాళ్ళకి పర్యవేక్షణ పెట్టాలని నిర్ణయించింది, అంటే పోల్చడానికి సహాయం అందని గుంపే మిగలదు.

ఈ 9 శాతాన్ని ఎంతవరకు నమ్మాలి? దిశ నమ్మొచ్చు అంటాను నేను, అంకెని పట్టుకుని వేలాడొద్దు. జతచేయడంలో వాడింది రికార్డుల్లో ఉన్న సంగతులే. ఇల్లుందా, మత్తుకి బానిసా, భార్య ఎదురుచూస్తోందా అన్నవి రికార్డుల్లో ఉండవు. పైగా ఇదంతా ఒక్క ఊరి కథ.

7. రికార్డులో లేనిది ఎంత దెబ్బ తీయగలదు

దీనికి మంచి ఉదాహరణ అదే ఇంగ్లండ్, వేల్స్‌లో లైంగిక నేరస్తుల కోసం 1992 నుంచి నడిపిన బృంద చికిత్స. 2017లో న్యాయశాఖ వేయించిన అధ్యయనం 2,562 మంది చికిత్స పొందినవాళ్ళని, 13,219 మంది పొందనివాళ్ళతో 87 అంశాల్లో జతచేసి, సగటున 8.2 ఏళ్ళు చూసింది. మళ్ళీ లైంగిక నేరం చేసినవాళ్ళు చికిత్స గుంపులో 10 శాతం, పోలిక గుంపులో 8 శాతం. పాతికేళ్ళు నడిచిన కార్యక్రమాన్ని ఆ ఏడాదే ఆపేశారు.

చికిత్సే హాని చేసిందా? గుంపుగా కూర్చుని అలాంటి నేరాల గురించి మాట్లాడుకుంటుంటే అవి మామూలు విషయాలే అన్న భావన రావొచ్చు అనేది ఒక వివరణ. ఇంకో వివరణ, జైలు సిబ్బంది తమ కళ్ళతో చూసి ఎక్కువ ప్రమాదకరం అనిపించినవాళ్ళనే చికిత్సకి పంపి ఉండొచ్చు, ఆ అంచనా 87 అంశాల్లో దేనిలోనూ లేకపోవచ్చు. రెండు శాతం తేడాకి ఇది సరిపోతుంది. కానీ ఇన్నేళ్ళు, ఇంతమంది మీద నడిపాక "మేలు జరిగింది" అనడానికి మాత్రం ఆధారం దొరకలేదు, ఆపేయడానికి అది చాలు అని నా అభిప్రాయం.

మీ లెక్కలో ఈ జబ్బు ఉందో లేదో కొంతవరకు పరీక్షించే ఉపాయం ఒకటుంది. జతచేయడానికి వాడని పాత విషయం ఒకటి పక్కన దాచుకోండి, ఉదాహరణకి జైల్లో ఉండగా కార్యక్రమానికి ముందు ఎన్నిసార్లు క్రమశిక్షణ చర్యలు ఎదురయ్యాయి అన్నది. జతచేశాక ఆ విషయంలో రెండు గుంపులకీ తేడా కనిపిస్తే, వాళ్ళు మొదటి నుంచే వేరువేరు మనుషులు. కార్యక్రమం గతాన్ని మార్చలేదు కదా.

8. ఇప్పుడు మన దగ్గరి కార్యక్రమానికి వర్తింపజేద్దాం

తెలంగాణ జైళ్ళ శాఖ పెట్రోల్ బంకులు నడుపుతుంది, అందులో ఖైదీలు, విడుదలైనవాళ్ళు పనిచేస్తారు. బయట పని ఇవ్వడం మళ్ళీ నేరం చేయకుండా ఆపుతుందా అని కొలవాలనుకుందాం. (కింది అంకెలన్నీ ఊహే.)

మొదటి ప్రమాదం ఎంపికలో ఉంది. డబ్బు చేతిలో పెట్టి జనంలో నిలబెట్టే పని కాబట్టి, సహజంగా మంచి నడవడిక ఉన్న, ఎక్కువకాలం శిక్ష అనుభవించిన ఖైదీని ఎంచుకుంటారు. హత్య కేసులో పధ్నాలుగేళ్ళు లోపల ఉండి నలభై ఐదేళ్ళకి బయటికొచ్చేవాడు మళ్ళీ నేరం చేసే అవకాశం ముందే తక్కువ. 2005 అమెరికా జాబితాలో కూడా ఐదేళ్ళలో మళ్ళీ అరెస్టయినవాళ్ళు ఆస్తి నేరాలవాళ్ళలో 82.1 శాతం, హింసాత్మక నేరాలవాళ్ళలో 71.3. కాబట్టి బంకులో పనిచేసినవాళ్ళలో రెండు శాతమే తిరిగొచ్చారు అంటే, అది బంకు గొప్పా, వయసు గొప్పా తెలియదు. వాళ్ళని సెల్‌ఫోన్ దొంగతనాల కుర్రాళ్ళతో పోల్చడం అన్యాయం.

చేయాల్సింది ఇది. అర్హత ఏంటో రాయండి, అందులో దొంగతనం కేసులవాళ్ళని కూడా రానివ్వండి, ఎందుకంటే పని వల్ల ఎక్కువ తేడా పడేది వాళ్ళకే అయ్యుండొచ్చు. అర్హుల్లో చీటీ తీయండి, 150 మందికి పని, 150 మందికి మామూలు విడుదల. రెండేళ్ళు చూసి, ఇంకో ఆరు నెలలు ఆగి లెక్కపెడితే పని వచ్చినవాళ్ళలో 30 మంది (20 శాతం), రానివాళ్ళలో 39 మంది (26 శాతం) కొత్త నేరంలో దొరికారనుకోండి. ఆరు శాతం పాయింట్ల తేడా, వినడానికి బాగుంది. ఇప్పుడు ఈ సూత్రంలో వేయండి, p1, n1 అంటే పని వచ్చినవాళ్ళలో దొరికినవాళ్ళ వాటా, వాళ్ళ మొత్తం సంఖ్య, p2, n2 అంటే పని రానివాళ్ళవి:

```
(p2 - p1) ± 1.96 × sqrt( p1(1-p1)/n1 + p2(1-p2)/n2 )
(0.26 - 0.20) ± 1.96 × 0.0485 = 0.06 ± 0.095
```

అంటే నిజమైన మేలు 15.5 పాయింట్ల దాకా ఉండొచ్చు, లేదా 3.5 పాయింట్ల కీడు కూడా ఉండొచ్చు, ఈ 300 మందితో తేలదు. నలభై శాతం నుంచి ముప్ఫై ఐదుకి తగ్గింది అని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వైపు దాదాపు 1,470 మంది కావాలి. ఒక్క జైలుతో అది అవ్వదు, చాలా ఏళ్ళ బ్యాచ్‌లనో, చాలా జైళ్ళనో ఒకే నియమంతో కలపాలి. అందుకే మొదటి బ్యాచ్ నుంచే జాబితా, చీటీ కాగితాలు, వేలిముద్ర నంబర్లు భద్రంగా పెట్టుకోవడం ముఖ్యం, ఐదేళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళి చీటీ తీయలేం.

ఇంకొకటి, ఫలితం రాకపోతే కారణం వెతకడానికి, పని నిజంగా ఎంత అందిందో నెలనెలా రాసుకోండి. చీటీ వచ్చిన 150 మందిలో ఎంతమంది నిజంగా బంకుకి వెళ్ళారు, ఎన్ని నెలలు చేశారు, జీతం చేతికి ఎప్పుడు అందింది, ఊరికి దూరమని ఎంతమంది మానేశారు. నలభై మందే వెళ్ళి ఉంటే, మీరు కొలిచింది పని ప్రభావం కాదు, పని ఇస్తామన్న మాట ప్రభావం. మార్చాల్సింది అప్పుడు బంకుని కాదు, వాళ్ళు ఉండే చోటినో, జీతం ఇచ్చే తేదీనో కావచ్చు. ప్రధాన అంకె మాత్రం 150 మందిదే ఉండాలి. వెళ్ళిన నలభై మంది అంకె ఎంత అందంగా ఉన్నా, దాన్ని రిపోర్టు మొదటి పేజీలో పెట్టొద్దు, అనుబంధంలోకి పంపండి.